రిమైండర్ మోగాలి, కానీ నిద్రలో, మీటింగులో, నమాజులో కాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంటులో ఎవరి ఫోన్ మొండికేసినా ముందు నా తలుపే కొడతారు. అలా వచ్చిన వాళ్లలో సగం మంది ఫిర్యాదు ఒకటే. కొందరికి మోగకూడని వేళ మోగింది, మరికొందరికి మోగాల్సిన వేళ మోగలేదు. వాళ్లు అడిగినవే ఇక్కడ రాశాను. ఎక్కువగా ఆండ్రాయిడ్ గురించే ఉంటుంది, ఎందుకంటే మా మెట్లెక్కి వచ్చే ఫోన్లలో ఎక్కువ అవే. ఐఫోన్ సంగతి చివర్లో విడిగా ఉంది.

డూ నాట్ డిస్టర్బ్ పెట్టినప్పుడు వచ్చిన రిమైండర్, అది తీసేశాక మోగుతుంది కదా?

మోగదు. మిగతా ఏం చదవకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఆ మోడ్ రిమైండర్‌ని వాయిదా వేయదు, దాని గొంతు మాత్రమే నొక్కుతుంది. ఉదయం ఆరింటికి రావాల్సిన మాత్ర రిమైండర్ ఆరింటికే వస్తుంది. చప్పుడు లేకుండా నోటిఫికేషన్ల వరుసలో చేరి, రాత్రి వచ్చిన ఆఫర్లు, గ్రూపుల్లో గుడ్ మార్నింగ్‌ల కింద పడి ఉంటుంది. మీరు ఆరున్నరకి లేచి ఫోన్ చూసుకుంటే కనిపిస్తుంది, లేకపోతే లేదు. ఆరున్నరకి మౌనం తొలగినా ఫోన్ ఆ పాతదాన్ని మళ్లీ తీసి మోగించదు.

కొన్ని రిమైండర్ యాప్‌లు, మీరు "అయిపోయింది" అని నొక్కేదాకా పదేసి నిమిషాలకోసారి మళ్లీ గుర్తుచేస్తాయి. అలాంటిదైతే మౌనం తొలగాక వచ్చే తర్వాతి విడత మోగుతుంది. అది ఆ యాప్ గుణమే గాని, ఫోన్ చేసే సాయం కాదు. మీ యాప్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

అలారం, రిమైండర్ రెండూ ఒకటే కాదా?

మనకి ఒకటే, ఫోన్‌కి కాదు. గడియారం యాప్‌లో పెట్టుకున్నది అలారం. దానికి వేరే వాల్యూమ్ ఉంటుంది, సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది, డూ నాట్ డిస్టర్బ్‌లో కూడా మామూలుగా దానికి అనుమతి ఉంటుంది. క్యాలెండర్, టాస్కుల యాప్, మందుల యాప్ పంపేవి నోటిఫికేషన్లు. మౌనం పెట్టగానే ముందు నోరు మూసుకునేవి అవే.

రెండు చిక్కులున్నాయి. మొదటిది, మినహాయింపుల జాబితాలో Alarms అనే మీటని ఎవరో, చాలాసార్లు మనమే, ఎప్పుడో ఆఫ్ చేసి ఉంటాం. అప్పుడు ఉదయం అలారం కూడా మోగదు. "నిన్నటిదాకా బాగానే మోగింది" అని ఎవరైనా వస్తే నేను ముందు ఆ మీటే చూస్తాను. రెండోది, కొన్ని రిమైండర్ యాప్‌లు, ఆజాన్ యాప్‌లు తమ చప్పుడుని అలారం దారిలో పంపుతాయి. వాటిని డూ నాట్ డిస్టర్బ్ ఆపదు. మీటింగు మధ్యలో ఆజాన్ మోగి తత్తరపడిన వాళ్లు తమ యాప్‌లో అలారం వాల్యూమ్ వాడుతోందా, నోటిఫికేషన్ వాల్యూమ్ వాడుతోందా అన్నది చూసుకోవాలి.

మరి ఏ రిమైండర్‌ని ఎక్కడ పెట్టుకోవాలి?

షెడ్యూల్ ముట్టుకునే ముందు రిమైండర్లని విడదీయండి. నిద్ర లేపైనా సరే చెప్పాల్సినవి కొన్ని ఉంటాయి: పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర, ఇన్సులిన్, తెల్లవారుజాము బండి. వీటిని రిమైండర్‌గా కాక గడియారం యాప్‌లో అలారంగానే పెట్టండి. పేరు రాసుకోవచ్చు, రోజులు ఎంచుకోవచ్చు, ఇంతకంటే నమ్మకమైన మందుల యాప్ నేను చూడలేదు.

ఆ వేళకే కాకపోయినా ఆ రోజు చెప్తే చాలనేవి రెండో రకం. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పిల్లల ఫీజు. ఇవి మౌనవేళలో పడకుండా గంట మార్చేయడమే మందు. చాలా యాప్‌లు తేదీ మాత్రమే ఇచ్చిన రిమైండర్‌కి తమంతట తామే ఒక గంట పెట్టుకుంటాయి. ఆ గంట మీ పూజవేళలోనో నమాజువేళలోనో పడితే ప్రతి బిల్లూ గొంతు లేకుండానే వచ్చిపోతుంది. ఆ డీఫాల్ట్ గంటని ఒక్కసారి మార్చుకుంటే సరిపోతుంది.

మిగిలినవి వేళ దాటితే అర్థం లేనివి. రాత్రి మూడింటికి "నీళ్లు తాగండి" అన్నది అలాంటిదే. దాన్ని మౌనంతో నొక్కడం కంటే ఆ యాప్‌లోనే ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అని హద్దు పెట్టడం మేలు. లేకపోతే పొద్దున్నే లేచేసరికి ఆరు నీళ్ల గ్లాసులు వరుసలో నిలబడి ఉంటాయి, వాటి కింద అసలుది దాక్కుంటుంది.

రాత్రి షెడ్యూల్ ఎలా పెట్టాలి? శనివారం రాత్రి మాత్రం ఎందుకు తప్పుతోంది?

కొత్త పిక్సెల్‌లో Modes, శామ్‌సంగ్‌లో Modes and Routines, మిగతా చాలా ఫోన్లలో Do Not Disturb అనే పేరుతో ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో disturb అని కొట్టండి. లోపల Schedules కింద Sleeping తెరిచి రోజులు, మొదలు, ముగింపు ఇవ్వాలి.

తప్పు జరిగేది రోజుల దగ్గర. రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా అన్న షెడ్యూల్ అర్ధరాత్రి దాటుతుంది కదా, ఎంచుకున్న రోజు అది మొదలయ్యే రోజు. "ఆదివారం పొద్దున ప్రశాంతంగా పడుకోవాలి" అని ఆదివారం టిక్కు పెడితే ఆదివారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా మౌనం వస్తుంది. మీకు కావాల్సింది శనివారం టిక్కు. సెలవు రోజుకి రెండో షెడ్యూల్ పెట్టుకుని శుక్ర, శనివారాలకి ముగింపుని ఎనిమిది చేసుకోవచ్చు.

అక్కడే Alarm can override end time అని ఇంకో మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే అలారం మోగగానే మౌనం తొలగిపోతుంది, ముగింపు గంట దాకా ఆగదు. పొద్దున్నే లేచేవాళ్లకి ఇది సుఖం. కానీ అర్ధరాత్రి రెండింటికి పసిబిడ్డ మందు కోసమో, రంజాన్‌లో సహరీ కోసమో అలారం పెట్టుకునేవాళ్లు దీన్ని ఆఫ్ చేయాలి. లేకపోతే ఆ అలారం తర్వాత మళ్లీ పడుకున్న నిద్రంతా గ్రూపు మెసేజీల పాలవుతుంది.

అర్ధరాత్రి ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే తెలియకపోతే ఎలా?

ఈ భయంతోనే చాలామంది మౌనం అసలు పెట్టరు. దీనికి రెండు తలుపులున్నాయి. ఒకటి, కాంటాక్టుల్లో నక్షత్రం గుర్తు పెట్టిన వాళ్ల కాల్స్‌కి అనుమతి. అమ్మ, నాన్న, ఇంటావిడ, పక్కింటివాళ్లు, అంతవరకు చాలు. నక్షత్రాలు ఇరవై దాటితే మౌనం పెట్టినా పెట్టనట్టే. రెండోది Repeat callers. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే ఆండ్రాయిడ్ దాన్ని మోగనిస్తుంది. ఆసుపత్రి నుంచి తెలియని నంబరుతో చేసేవాళ్లకి ఉపయోగపడేది ఇదే. ఇంట్లో వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి: "అవసరమైతే వెంటనే రెండోసారి చెయ్యి."

నక్షత్రం పెట్టాక మామూలు కాల్ వస్తోందని వాట్సాప్ కాల్ కూడా వస్తుందనుకోవద్దు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో కాల్స్ అన్నీ దాదాపు వాట్సాప్‌లోనే కాబట్టి, ఒక సాయంత్రం మౌనం ఆన్ చేసి వాళ్లతో ఒకసారి చేయించి చూడండి.

మీటింగులో మాత్రమే మౌనం కావాలంటే?

గంటలతో పెట్టకండి, క్యాలెండర్‌తో పెట్టండి. ఆండ్రాయిడ్ షెడ్యూళ్లలో Event అనే రకం ఉంది. మీ క్యాలెండర్‌లో ఈవెంట్ నడుస్తున్నంతసేపు మౌనం ఉంటుంది, అయ్యాక పోతుంది. ఎవరు పిలిచిన మీటింగుకైనా మౌనం కావాలా, మీరు వస్తానన్న వాటికేనా అని అది అడుగుతుంది. Yes ఒక్కటే ఎంచుకోండి. లేకపోతే మీకు సంబంధం లేని ఆహ్వానాలన్నీ మీ మధ్యాహ్నాన్ని మింగేస్తాయి.

ఇందులో రెండు గోతులున్నాయి. రోజంతా అని పెట్టిన ఈవెంట్ బిజీ అని గుర్తుతో ఉంటే రోజంతా మౌనమే. పెళ్లిరోజు గుర్తుకని పెట్టుకున్న ఈవెంట్ పుణ్యాన పెళ్లిరోజునాడు భార్య పెట్టిన మెసేజీలకే చప్పుడు రాని సంఘటన మా మూడో అంతస్తులో జరిగింది. అలాంటివాటిని తెరిచి Busy బదులు Free చేయాలి. రెండోది, మీటింగు సాగితే మౌనం సాగదు. మూడున్నరకి ముగియాల్సింది నాలుగింటిదాకా సాగితే, మూడున్నర దాటగానే ఫోన్ నోరు తెరుస్తుంది. దీనికి మంచి మందు లేదు. ఎప్పుడూ సాగదీసే మీటింగైతే మీ క్యాలెండర్‌లో దాని వెనక పావుగంట ఇంకో ఈవెంట్ వేసుకోండి.

ఆఫీసు యాప్‌ల సంగతి వేరు. టీమ్స్, స్లాక్ లాంటివాటికి తమ సొంత మౌనవేళలు ఉంటాయి, ఫోన్‌లో పెట్టినవి ల్యాప్‌టాప్‌కి వర్తించవు. ఫోన్ మౌనంగానే ఉంటుంది, స్క్రీన్ షేర్ చేస్తున్న ల్యాప్‌టాప్ మూలన మాత్రం "షుగర్ మాత్ర వేసుకోండి" అని అందరూ చదువుకునేలా పడుతుంది. రెండు చోట్లా పెట్టుకోవాల్సిందే.

నమాజు వేళలు రోజూ జరుగుతుంటాయి కదా, వాటికి షెడ్యూల్ ఎలా?

అడగాల్సిన ప్రశ్న ఇది. గంటలతో పెట్టే షెడ్యూల్‌కి సూర్యుడు తెలియదు. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం నవంబర్ చివర్లో 5:40 ప్రాంతంలో అయితే జూలై మొదట్లో 6:55 ప్రాంతంలో అవుతుంది. మగ్‌రిబ్ సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది కాబట్టి ఏడాదిలో గంటా పావు జరుగుతుంది. చలికాలంలో 5:40 నుంచి 6:10 అని పెట్టుకున్న షెడ్యూల్ ఎండాకాలం వచ్చేసరికి ఎవరికీ పనికిరాని వేళలో మౌనం పాటిస్తుంటుంది. ఫజర్ కూడా అంతే. జూన్‌లో నాలుగుంపావు దాటాక మొదలయ్యేది జనవరిలో ఐదున్నరకి వెళ్తుంది.

అందుకని ఐదు నమాజుల్నీ ఒకే గాట కట్టకూడదు. మసీదులో జమాత్‌తో చదివేవాళ్లకి జొహర్ తేలిక. చాలా మసీదుల్లో జొహర్ జమాత్ నెలల తరబడి ఒకే గంటకి ఉంటుంది, బోర్డు మీద రాసి ఉంటుంది. శుక్రవారం జుమా కూడా ప్రతి మసీదుకీ దాని గంట ఉంటుంది. ఈ రెంటికీ గంటల షెడ్యూల్ చాలు, జుమాకి ఖుత్బా కలుపుకుని నిడివి ఎక్కువివ్వండి, అంతే. మగ్‌రిబ్‌కి మాత్రం అది పనికిరాదు.

మగ్‌రిబ్‌కి మూడు దారులు. ఒకటి, రెండు మూడు నెలలకోసారి చేత్తో మార్చుకోవడం. మొరటు దారే, కానీ చెడిపోయేది ఏమీ లేదు. రెండు, చోటుని బట్టి మౌనం. శామ్‌సంగ్‌లో, ఐఫోన్‌లో, పిక్సెల్‌లో ఏదో ఒక రూపంలో ఇది కుదురుతుంది: ఫోన్ మసీదు దగ్గరికి రాగానే మౌనం, వెళ్లగానే మామూలు. దూరపు మసీదుకి వెళ్లేవాళ్లకి బాగా నడుస్తుంది. ఇల్లు మసీదు పక్కనే అయితే మాత్రం ఇంట్లో ఉన్నంతసేపూ మౌనమే. పైగా ఫోన్ చోటుని గుర్తించడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు. పరుగున వచ్చి సఫ్‌లో నిలబడేవాళ్లకి ఆ రెండు నిమిషాలే ప్రమాదం.

మూడోది, నమాజు వేళలు లెక్కగట్టే యాప్‌కే ఆ పని ఒప్పజెప్పడం. దానికి సెట్టింగ్స్‌లో Do Not Disturb access ఇవ్వాలి. ఇచ్చే ముందు ఆ యాప్ లెక్క మీ మసీదు లెక్కతో కలుస్తోందా చూడండి. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ లెక్కలో అసర్, వస్తువు నీడ దాని ఎత్తుకి రెండింతలయ్యాక మొదలవుతుంది. షాఫయీ లెక్కలో నీడ దాని ఎత్తుకి సమానమైతే చాలు. రెంటికీ మధ్య ఇంచుమించు గంట తేడా వస్తుంది. యాప్ దించుకోగానే వచ్చే సెట్టింగ్ షాఫయీది అయితే, మీ ఫోన్ గంట ముందే మౌనం పాటించి, అసలు నమాజులో గొంతెత్తుతుంది. రెండు రోజులు మసీదు బోర్డుతో పోల్చి చూశాకే దానికి తాళాలివ్వండి.

నిద్ర, మీటింగు, నమాజు మూడూ ఒకే ఫోన్‌లో ఎలా సర్దాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

మెహదీపట్నంలో ఉంటూ గచ్చిబౌలిలో పనిచేసే నా మిత్రుడి ఫోన్ చెప్తాను, మేమిద్దరం కూర్చుని సర్దిందే. క్లయింటు న్యూజెర్సీలో. రోజూ అక్కడి పొద్దున తొమ్మిదింటికి కాల్, అరగంట. ఎండాకాలంలో అది మనకి సాయంత్రం 6:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ మర్నాటి నుంచి అదే కాల్ మనకి 7:30. మార్చి రెండో ఆదివారం తర్వాత మళ్లీ 6:30. మొదట్లో ఆయన 6:30 నుంచి 7:00 అని గంటల షెడ్యూల్ పెట్టుకున్నాడు. నవంబర్ వచ్చేసరికి ఫోన్ ఖాళీ సమయంలో నోరు మూసుకుని, కాల్ మధ్యలో పాలవాడి బిల్లు గుర్తుచేసింది. దాన్ని తీసేసి Event పెట్టాం. క్లయింటు ఈవెంట్ వాళ్ల టైమ్ జోన్‌లో సృష్టించాడు కాబట్టి దానంతట అదే జరుగుతుంది.

నిద్రకి రాత్రి 11:30 నుంచి, పొద్దున ఆరు దాకా. ఫజర్‌కి గడియారం యాప్‌లో అలారం. అలారంతో మౌనం తొలగిపోయే మీట ఆఫ్, ఎందుకంటే ఫజర్ చదివి ఆయన మళ్లీ గంట పడుకుంటాడు. వాళ్ల నాన్నగారి ఇన్సులిన్ గుర్తు పొద్దున ఏడున్నరకి, రాత్రి ఎనిమిదికి, రెండూ అలారాలే. రాత్రిది చలికాలంలో 7:30 కాల్ ముగిసిన వెంటనే వస్తుంది. కాల్ సాగితే మధ్యలో మోగుతుంది, మోగనీ అన్నాడు.

జొహర్ ఆఫీసులో కేటాయించిన గదిలో 1:30 జమాత్, అందుకని 1:25 నుంచి 1:50. శుక్రవారం మాత్రం 12:50 నుంచి 2:00.

చిక్కు మగ్‌రిబ్‌తో వచ్చింది. జూన్, జూలైల్లో మగ్‌రిబ్ 6:50 దాటాక, అంటే సరిగ్గా కాల్ చివరి పది నిమిషాల్లో. యాప్ 6:52కి గుర్తుచేస్తుంది, Event మౌనంలో అది వినిపించదు, ఏడింటికి కాల్ అయ్యాక మళ్లీ మోగదు. మగ్‌రిబ్ వేళ ఇషా మొదలయ్యేదాకా, గంటకి పైగా ఉంటుంది కాబట్టి చదువుకోవడానికి సమయం ఉంది, గుర్తుచేసేవాళ్లే లేరు. ఆయన యాప్‌లో ఆజాన్ తర్వాత కొన్ని నిమిషాలకి రెండో గుర్తు పెట్టే వీలుంది. దాన్ని 15 నిమిషాలకి పెట్టాం, 7:07కి మోగుతుంది. నవంబర్‌లో మగ్‌రిబ్ 5:40కే మొదలవుతుంది, కాల్ 7:30కి, అప్పుడు తగువే లేదు.

ఒకేసారి రెండు షెడ్యూళ్లు నడిస్తే ఏది గెలుస్తుందని ఆయన అడిగాడు. ఆండ్రాయిడ్‌లో రెండూ కలిసి నడుస్తాయి, ఎక్కువ కట్టడి ఉన్నదే చెల్లుతుంది. నిద్ర షెడ్యూల్‌లో నక్షత్రం వాళ్ల కాల్స్‌కి అనుమతిచ్చి, మీటింగు షెడ్యూల్‌లో ఇవ్వకపోతే, రెండూ కలిసిన వేళ వాళ్ల కాల్స్ కూడా మోగవు.

గుడికి, చర్చికి కూడా ఇలాగేనా?

ఆదివారం ఆరాధనది గంట తప్పని వ్యవహారం, వారం షెడ్యూల్ చాలు. జారిపోయేవి మారే తేదీలు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన ఉంటుంది, అది ఏ ఏడాదికా ఏడాది వేరే తేదీన వస్తుంది. దాన్ని క్యాలెండర్‌లో ఈవెంట్‌గా వేసి బిజీ అని పెడితే, మీటింగుకి పెట్టిన Event మౌనమే దీన్నీ చూసుకుంటుంది. ఇంట్లో సత్యనారాయణ వ్రతానికీ అదే ఉపాయం.

గుడిలో జనం చేసేది వేరు. లోపలికి వెళ్తూ పైనుంచి తెర లాగి మౌనం నొక్కుతారు. బయటికొచ్చి ప్రసాదం, చెప్పులు, ఆటో, అంతే, మౌనం సంగతి మర్చిపోతారు. సాయంత్రానికి ఇంట్లో గొడవ. దీనికి Duration for Quick Settings అని ఒక చిన్న అమరిక ఉంది. దాన్ని ఒక గంటకి మార్చండి. ఇక ఎప్పుడు నొక్కినా గంటకి దానంతట అదే తొలగిపోతుంది. తిరుమల క్యూలో మాత్రం గంట సరిపోదు, అక్కడ ఫోన్ ఎలాగూ బయటే డిపాజిట్ చేస్తారు.

మౌనం ఏమీ లేదు, అయినా రిమైండర్ మోగలేదు. ఎందుకు?

ముందు నేరం ఎవరిదో తేల్చాలి. సెట్టింగ్స్‌లో Notification history ఆన్ చేసి ఉంచండి. గత 24 గంటల్లో ఏది ఎప్పుడు వచ్చిందో అక్కడ ఉంటుంది. ఆరింటి రిమైండర్ ఆరింటికే వచ్చి ఉండి, చప్పుడు మాత్రం రాకపోతే అది మౌనం పనే, లేదా ఆ యాప్ నోటిఫికేషన్‌ని Silent చేసి ఉంటారు. ఆరింటిది 6:40కి వచ్చి ఉంటే అది బ్యాటరీ పొదుపు పని. రాత్రంతా కదలకుండా పడి ఉన్న ఫోన్ యాప్‌లని నిద్రపుచ్చుతుంది. యాప్ తన వేళకి లేవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా దించుకున్న చాలా యాప్‌లకి ఆ అనుమతి మొదట ఉండదు. దారి ఇది:

```
Settings > Apps > Special app access > Alarms & reminders
```

అక్కడ మీ రిమైండర్ యాప్‌ని ఆన్ చేసి, ఆ యాప్ బ్యాటరీ పేజీలో Unrestricted పెట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లు దీనికి తోడు తమ సొంత ఆటోస్టార్ట్ అనుమతి కూడా అడుగుతాయి. ఇవేవీ చేయకుండా మౌనం షెడ్యూళ్లు మార్చుకుంటూ కూర్చుంటే రోగం ఒకటి, మందు ఒకటి.

ఆ రిమైండర్ Notification history లో అసలు కనిపించకపోతే, యాప్‌కి నోటిఫికేషన్ అనుమతే లేకపోవచ్చు.

ఒక్క మందుల యాప్ మాత్రం మౌనంలోనూ మోగాలి. కుదురుతుందా?

కుదురుతుంది. మినహాయింపుల్లో Reminders అనే మీట ఉంది గానీ, దాన్ని ఆన్ చేస్తే రిమైండర్‌నని చెప్పుకునే ప్రతి యాప్‌కీ తలుపు తెరిచినట్టే, నీళ్ల గ్లాసుతో సహా. దాన్ని వదిలేయండి. ఆ యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మందుల గుర్తులు వచ్చే వర్గాన్ని తెరిచి Override Do Not Disturb ఆన్ చేయండి. ఆ యాప్ పంపే ప్రకటనల వర్గాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఐఫోన్‌లో తేడా ఏంటి?

2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి దీని పేరు ఫోకస్. గడియారం అలారం ఏ ఫోకస్‌లోనైనా మోగుతుంది. ఒకసారి ఒక ఫోకస్ మాత్రమే నడుస్తుంది, కాబట్టి కట్టడులు కలిసిపోయే గొడవ లేదు. రెండోసారి కాల్‌ని అనుమతించే గడువు 15 నిమిషాలు కాదు, మూడు నిమిషాలు. ఆండ్రాయిడ్ నుంచి మారినవాళ్లు ఇంట్లో ఈ సంగతి చెప్పాలి. Time Sensitive Notifications అనే మీట ఆన్‌లో ఉంటే అత్యవసరం అని గుర్తున్న రిమైండర్లు ఫోకస్‌ని దాటి వస్తాయి. చోటుని బట్టి ఫోకస్ మొదలయ్యే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. Share Across Devices ఆన్‌లో ఉంటే మీ ఫోన్ నిద్రపోగానే అదే ఖాతాలో ఉన్న ఐప్యాడ్ కూడా నిద్రపోతుంది. పిల్లవాడు దాంట్లో ట్యూషన్ క్లాసు కోసం ఎదురుచూస్తుంటే ఆ చప్పుడు రాదు.

1909కి మెసేజ్ పెట్టి డీఎన్‌డీ చేయించాను. ఇక ఇదంతా ఎందుకు?

పేరొకటే, పని వేరు. 1909 ట్రాయ్ నిబంధనల కింద నడిచే వ్యవస్థ. START 0 అని 1909కి పంపితే ప్రకటనల కాల్స్, మెసేజీలు ఆపమని మీ టెలికాం కంపెనీకి చెప్పినట్టు. మీ ఫోన్‌లోని రిమైండర్లకీ, యాప్ నోటిఫికేషన్లకీ దానితో సంబంధం లేదు. ఓటీపీలు, బ్యాంకు సమాచారం ఆగవు.

అప్పు వసూలు కాల్స్ కూడా ఆ జాబితాతో ఆగవు. వాటికి రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పిన హద్దు ఉంది: పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఏజెంట్లు కాల్ చేయకూడదు. ఆ వేళల్లో చేస్తే కాల్ వివరాలు దాచి, అప్పిచ్చిన సంస్థకి ఫిర్యాదు రాయొచ్చు.

అమ్మానాన్నలు ఇక్కడ, కొడుకు అమెరికాలో. షెడ్యూల్ ఎవరి గంటల్లో నడుస్తుంది?

ఫోన్ ఎక్కడుంటే అక్కడి గంటల్లో. మీరు న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ వచ్చి ఫోన్ సమయం మారితే, రాత్రి 11కి పెట్టుకున్న మౌనం ఇక్కడి రాత్రి 11కే మొదలవుతుంది, ఆ రెండు రోజుల జెట్‌లాగ్‌ని అది పట్టించుకోదు. ఇక ఇంటి కాల్స్ సంగతి: నాన్నగారు పొద్దున 8కి చేసే కాల్ అక్కడ ఎండాకాలంలో ముందురోజు రాత్రి 10:30, చలికాలంలో 9:30. పది గంటలకి మౌనం మొదలయ్యే అబ్బాయికి నవంబర్ నుంచి మార్చి దాకా కాల్ వస్తుంది, ఆ తర్వాత రాదు. "వాడు ఎండాకాలంలో ఫోన్ ఎత్తడు" అని మా కింది పోర్షన్ బాబాయిగారు రెండేళ్లు అలిగారు. నక్షత్రం పెట్టించాక అలక తీరింది. ఇప్పుడు ఆయన కాల్‌ని ఏడింటికి జరపమని ఆ అబ్బాయే అడుగుతున్నాడు.